గేమ్ పట్టుకుని వదలని బాణం

షూటింగ్ గేమ్ ఆడుతూ మధ్యలో ఏదో చూసుకుందామని Alt+Tab నొక్కి బ్రౌజర్‌లోకి వస్తాం. విండో మారుతుంది గానీ మౌస్ బాణం కనబడదు. ఒక్కోసారి కనబడినా స్క్రీన్ నడుమనే గిలగిల్లాడుతుంది, అంచు దాకా పోనే పోదు. చాలామంది మౌస్ పోయిందనుకుని వైరు పీకి మళ్లీ పెడతారు. మౌస్‌కేమీ కాలేదు. బాణాన్ని గేమ్ పట్టుకుంది, వదలాల్సిన సమయంలో వదల్లేదు, అంతే.

అసలు గేమ్‌కి బాణంతో పనేమిటి? మౌస్ పంపేది "ఇంత ఎడమకి, ఇంత పైకి" అన్న కదలిక మాత్రమే. ఆ కదలికలన్నీ కూడుకుని బాణం ఎక్కడుందో లెక్కగట్టేది విండోస్. స్క్రీన్ అంచు రాగానే బాణం ఆగిపోతుంది. ఫైలు తెరవడానికి అది చాలు. కానీ శత్రువు వెనక నుంచి వస్తున్నప్పుడు ఆటగాడు గిర్రున వెనక్కి తిరగాలి. బాణం అంచుకి తగిలి ఆగితే అతని చూపు కూడా అక్కడే ఆగుతుంది. అందుకని ఇలాంటి గేములు బాణాన్ని దాచేస్తాయి, తమ విండో దాటి పోకుండా కంచె వేస్తాయి. పాత పద్ధతిలో రాసినవైతే, బొమ్మ మారిన ప్రతిసారీ బాణాన్ని లాక్కొచ్చి స్క్రీన్ నడుమ పెట్టి, అక్కడి నుంచి ఎంత జరిగిందో కొలుస్తాయి. ఇప్పటి గేములు చాలావరకు కదలికను నేరుగా మౌస్ నుంచే చదువుతాయి. అయినా కంచె తప్పదు. పక్కన రెండో మానిటర్ ఉంటే బాణం అటు జారిపోతుంది. తుపాకి పేల్చడానికి నొక్కిన క్లిక్ అక్కడున్న వేరే విండో మీద పడి, ఆట వెనక్కి పోతుంది.

బాణాన్ని పట్టుకోవడం తప్పు కాదు. ఆటగాడు వేరే విండోలోకి వెళ్లినప్పుడు విండోస్ గేమ్‌కి కబురు పంపుతుంది. ఆ కబురు అందగానే దాచిన బాణాన్ని చూపించి, కంచె తీసేసి, నడుమకి లాగడం మానేయాలి. ఈ మూడింటిలో ఏది మరిచిందో మౌస్‌ని కాస్త కదిపి చూస్తే తెలిసిపోతుంది. బాణం కనబడుతూనే ఒక చతురస్రం దాటి పోవడం లేదంటే కంచె మిగిలిపోయింది. మామూలుగా వేరే విండో ముందుకి రాగానే విండోస్ ఆ కంచెను తానే తీసేస్తుంది. కానీ కొన్ని గేములు మాటిమాటికీ కంచె వేస్తూనే ఉంటాయి, తాము ముందున్నామా వెనకున్నామా అని చూసుకోవు. ఎటు జరిపినా బాణం ఉలిక్కిపడినట్టు నడుమకే వస్తుంటే పాత పద్ధతి లాగుడు ఆగలేదని అర్థం. బాణం కనబడకపోయినా, మౌస్ జరుపుతుంటే బటన్లు ఒక్కొక్కటే వెలుగుతున్నాయంటే, బాణం అక్కడే ఉంది, దాగి ఉంది.

ఈ మూడోదే నాకు అన్నిటికన్నా ఆసక్తికరం. ఎందుకంటే కోడ్ రాసినవాళ్లు బాణాన్ని చూపించమని నిజంగానే చెప్పి ఉంటారు, అయినా అది రాదు. విండోస్‌లో బాణాన్ని దాచడానికీ చూపడానికీ వాడేది `ShowCursor`. అది లైటు స్విచ్చిలా పనిచేస్తుందని అనుకోవడంలోనే చిక్కంతా ఉంది. నిజానికి దాని వెనక ఒక లెక్క నడుస్తుంటుంది. మొదట 0 ఉంటుంది. దాచమన్న ప్రతిసారీ ఒకటి తగ్గుతుంది, చూపమన్న ప్రతిసారీ ఒకటి పెరుగుతుంది. లెక్క 0 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటేనే బాణం కనబడుతుంది. రెండు ముడులు వేసి ఒకటే విప్పితే మూట విడనట్టే ఇదీ.

ఒక గేమ్‌నే తీసుకుని చూద్దాం. మొదలవగానే బాణాన్ని దాచింది, లెక్క -1. ఆటగాడు Alt+Tab కొట్టి బయటికి పోయాడు, గేమ్ ఒకసారి చూపమంది, లెక్క 0. ఇంతవరకు బాగుంది. ఇప్పుడు తిరిగొచ్చాడు. విండోస్ ఈ రాకను ఒక కబురుతో సరిపెట్టదు. విండో ముందుకొచ్చిందని `WM_ACTIVATE`, కీబోర్డు ఇక దీనిదేనని `WM_SETFOCUS` పంపుతుంది. ఒకరు ఒకదానికీ మరొకరు ఇంకోదానికీ "దాచు" అని రాసి ఉంటే లెక్క ఒక్కసారిగా -2కి పడుతుంది. ఆటలో ఉన్నంతసేపూ ఎవరికీ తెలియదు, ఎలాగూ బాణం దాగే ఉండాలి కదా. Esc నొక్కి మెనూ తెరిచినప్పుడు బయటపడుతుంది. మెనూ ఒకసారి చూపమంటుంది, లెక్క -1కి వస్తుంది, బాణం రాదు. ఇలా బయటికి వెళ్లొచ్చిన ప్రతిసారీ లెక్క ఒకటి చొప్పున దిగిపోతూనే ఉంటుంది. "ఒకసారి బయటికి వెళ్లొస్తే చాలు, మెనూలో బాణం మాయం, గేమ్ మూసి తెరిస్తేనే వస్తోంది" అని ఆటగాళ్లు మొరపెట్టుకునేది ఇలాంటి దాని గురించే. మూసి తెరిస్తే ఎందుకు బాగవుతుందంటే, కొత్తగా తెరిచిన గేమ్‌కి లెక్క మళ్లీ 0 నుంచి మొదలవుతుంది.

మరమ్మతు చిన్నదే. దాచమని పది చోట్ల రాయకుండా ఒక్కచోటే రాసి, ఇప్పటికే దాగి ఉంటే మళ్లీ దాచకుండా చూసుకోవాలి:

```c
static int hidden = 0;

void set_hidden(int hide) {
    if (hide == hidden) return;
    ShowCursor(hide ? FALSE : TRUE);
    hidden = hide;
}
```

ఇక ఏ కబురు ఎన్నిసార్లొచ్చినా లెక్క చెడదు. బయటికి పోయేటప్పుడు దీనితో పాటు `ClipCursor(NULL)` అని పిలిస్తే కంచె కూడా పోతుంది.

కోడ్ మన చేతుల్లో లేనప్పుడు ఏం చేయాలి? ముందు Ctrl+Alt+Del నొక్కాలి. ఆ తెర మామూలు డెస్క్‌టాప్ కాదు, విండోస్ తన కోసం వేరుగా ఉంచుకున్నది. గేముల పట్టు అక్కడ చెల్లదు కాబట్టి బాణం విడుదలవుతుంది. అక్కడి నుంచి Esc నొక్కి వెనక్కి వస్తే కొన్నిసార్లు గేమ్ మళ్లీ పట్టేసుకుంటుంది. Task Manager ఎంచుకోవడం మేలు. అందులో బాణం లేకపోయినా, కీబోర్డు మీది బాణం కీలతో గేమ్ పేరు దాకా వెళ్లి Delete నొక్కితే అది మూసుకుంటుంది. ఆట పోతుంది, కానీ కంప్యూటర్ ఆపి పెట్టే పని తప్పుతుంది. మాటిమాటికీ ఇదే జరుగుతుంటే గేమ్ సెట్టింగుల్లో Fullscreen బదులు Borderless పెట్టి చూడండి. పూర్తి తెర పద్ధతిలో విండో మారినప్పుడల్లా గేమ్ కిందికి దిగి, మళ్లీ లేచి, ఒక్కోసారి స్క్రీన్ కొలతలు కూడా మార్చుకుంటుంది. ఆ గందరగోళంలో కబుర్లు ఎక్కువ, వరస తప్పే అవకాశాలూ ఎక్కువ. Borderlessలో ఆ తతంగం ఉండదు. అయితే కొన్ని గేములు ఈ పద్ధతిలో కంచె వేయవు, రెండు మానిటర్లున్నవాళ్లకి బాణం పక్కకి జారే బెడద మొదలవుతుంది.

లినక్స్‌లో పాత ఎక్స్11 మీద ఈ పట్టు ఇంకా గట్టిది. అక్కడ ప్రోగ్రామ్ మౌస్ మొత్తాన్నీ తన పేర రాయించుకోగలదు. గేములు తయారుచేసేవాళ్లు దీంతో బాగా విసిగిపోతుంటారు. తప్పు వెతకడానికి గేమ్‌ని నడుమ ఆపి చూద్దామంటే, ఆగిన గేమ్ మౌస్‌ని వదలదు, కాబట్టి వెతికే విండో మీద క్లిక్ చేయడం కుదరదు. అప్పుడు Ctrl+Alt+F3 నొక్కి అక్షరాల తెరలోకి వెళ్లి గేమ్‌ని ముగిస్తారు. ప్రోగ్రామ్ పోగానే పట్టూ పోతుంది. కొత్తగా వచ్చిన వేలాండ్‌లో గేమ్ అడగడం వరకే. మౌస్‌ని బిగించాలా వద్దా అని తేల్చేది డెస్క్‌టాప్‌ని నడిపే ప్రోగ్రామ్. వేరే విండో ముందుకొస్తే బిగింపును అదే తీసేస్తుంది, గేమ్‌కి గుర్తున్నా లేకపోయినా.