కీమో చీటీ నుంచి గోడ మీది క్యాలెండర్‌కు

పెద్దపేగు క్యాన్సర్‌కు ఇచ్చే కేపాక్స్ చికిత్సలో ఒక్కో సైకిల్ 21 రోజులు. మొదటి రోజు ఆస్పత్రిలో ఆక్సాలిప్లాటిన్‌ను డెక్స్‌ట్రోజ్ ద్రావణంలో కలిపి డ్రిప్‌గా ఎక్కిస్తారు. కేపసైటబిన్ మాత్రలను రోగి ఇంటి దగ్గరే 14 రోజులు, రెండు పూటలా వేసుకుంటారు. ఆ తరువాత వారం విరామం. డాక్టరు కాగితంలో ఇదంతా ఒక్క వరుసలో ఉంటుంది:

```
C3D1 24/02, CAPOX q21d, Cap 75% BD x 14d
```

మూడో సైకిల్ ఫిబ్రవరి 24న మొదలవుతుందని, మాత్రలు తొలి మోతాదులో 75 శాతమే వేసుకోవాలని దీని అర్థం.

ముందుగా తేల్చుకోవలసినది తేదీ. ఉదాహరణకు ఒక రోగికి 2025 జనవరి 6న, 27న రెండు సైకిళ్లు మొదలయ్యాయి. మూడోది ఫిబ్రవరి 17న మొదలవ్వాలి. కానీ రెండో సైకిల్‌లో విరేచనాలు ఎక్కువై, వారం వాయిదా పడింది. అప్పుడు నాలుగోది మార్చి 10న కాదు, 17న వస్తుంది. లెక్క ఎప్పుడూ డ్రిప్ నిజంగా ఎక్కించిన రోజు నుంచే.

తరువాత మోతాదు. శరీర ఉపరితలం 1.6 చదరపు మీటర్లు, చదరపు మీటరుకు 1000 మిల్లీగ్రాములు అనుకుంటే పూటకు 1600. దాన్ని సర్ది 500 మాత్రలు మూడు ఇచ్చారు. అందులో 75 శాతం అంటే 1600కు 1200. దగ్గరగా కుదిరేది 500 మాత్రలు రెండు, 150 మాత్ర ఒకటి. క్యాలెండర్‌లో శాతాలు, మిల్లీగ్రాముల లెక్కలు ఉండకూడదు, మాత్రల సంఖ్యే ఉండాలి. '25 శాతం తగ్గింపు' అన్న మాటను '25 శాతం మోతాదు' అని చదివే ప్రమాదం అలా తప్పుతుంది.

డ్రిప్ రోజు సాయంత్రం మాత్రలు మొదలైతే, 28 పూటలు 15వ రోజు ఉదయానికి పూర్తవుతాయి:

| తేదీ | ఉదయం | సాయంత్రం |
|---|---|---|
| ఫిబ్రవరి 24 | డ్రిప్ | 500 రెండు, 150 ఒకటి |
| ఫిబ్రవరి 25 – మార్చి 9 | 500 రెండు, 150 ఒకటి | 500 రెండు, 150 ఒకటి |
| మార్చి 10 | 500 రెండు, 150 ఒకటి (ఆఖరి పూట) | లేదు |
| మార్చి 11 – 16 | విరామం | విరామం |
| మార్చి 15 | రక్త పరీక్ష | |
| మార్చి 17 | నాలుగో సైకిల్ (రక్త పరీక్ష బాగుంటేనే) | డాక్టరు చెప్పినట్లు |

రోగికిచ్చే కాగితంలో మధ్య వరుసను రోజుకొక గడిగా విడదీసి, వేసుకున్న పూటకు టిక్ పెట్టుకునే చోటు వదులుతారు. కింద నాలుగు మాటలు చాలు: భోజనం చేసిన అరగంటలోపు మాత్రలు వేసుకోవాలి, మరచిన పూటను తరువాతి పూటలో కలపకూడదు, విరేచనాలు మామూలు కంటే రోజుకు నాలుగైనా పెరిగితే మాత్రలు ఆపి ఫోన్ చేయాలి, 100.4 డిగ్రీల జ్వరం వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

పట్టిక ఇచ్చేముందు మాత్రల గడులను లెక్కపెడితే 28 రావాలి. అదనంగా ఒకటి వచ్చినా 15వ రోజు సాయంత్రం పొరపాటున నిండినట్లే. డాక్టరు లేదా ఫార్మసిస్టు సరిచూసి సంతకం చేశాక, పాత కాగితాన్ని గోడ మీంచి తీసేయాలి. లేకుంటే పూటకు మూడు మాత్రల పాత లెక్కే కొనసాగుతుంది.