“గరిష్ఠంగా రెండు” అని తర్కంలో రాయడమెలా?

వర్గ సమీకరణానికి రెండుకు మించి మూలాలు ఉండవని బడిలో చదువుకున్నదే. x² − 5x + 6 = 0కు 2, 3 అనే రెండు మూలాలున్నాయి. x² − 4x + 4 = 0కు వేర్వేరు విలువలుగా లెక్కిస్తే 2 ఒక్కటే. x² + 1 = 0కు వాస్తవ సంఖ్యల్లో ఒక్కటీ లేదు. “గరిష్ఠంగా రెండు” అన్న మాట ఈ మూడింటికీ నిజమే. దాన్ని ప్రెడికేట్ లాజిక్‌లో రాయడానికి మాత్రం అంకెలు వాడం. ‘ప్రతి’ అని చెప్పే ∀, ‘కనీసం ఒకటి ఉంది’ అని చెప్పే ∃, వీటికి తోడు సమానం గుర్తు. వీటితోనే లెక్క తేల్చాలి.

Rx అంటే “x ఈ సమీకరణానికి మూలం” అనుకుందాం. కొత్తగా నేర్చుకునేవాళ్లు ∃x∃y(Rx ∧ Ry) అని రాసి, రెండు మూలాలున్నాయని చెప్పేశామనుకుంటారు. అక్షరాలు రెండైనంత మాత్రాన సంఖ్యలు రెండు కానక్కర్లేదు. రెండో సమీకరణంలో x, y రెండింటికీ 2 ఇచ్చినా ఈ వాక్యం నిజమే. x ≠ y అని చేర్చినప్పుడే “కనీసం రెండు” అవుతుంది.

“సరిగ్గా ఒకటి”లో రెండు మాటలున్నాయి: ఒక మూలం ఉంది, మూలమైనది ఏదైనా అదే.

```
∃x(Rx ∧ ∀y(Ry → y = x))
```

ఇందులో ∧ స్థానంలో → పెడితే అంతా తారుమారవుతుంది. అప్పుడు x = 100 అనుకుంటే చాలు. 100 మూలం కాదు కాబట్టి షరతు వాక్యం దానంతటదే నిజమవుతుంది, మూలాలు ఎన్ని ఉన్నా సరే.

“గరిష్ఠంగా రెండు”కు దారి వేరు. ఏదో ఉందని చెప్పకూడదు, మూడోదానికి చోటివ్వకూడదు. మూడు మూలాలను ఎలా ఎంచినా అందులో కనీసం ఒక జత ఒకటే అయి తీరాలి:

```
∀x∀y∀z((Rx ∧ Ry ∧ Rz) → (x = y ∨ x = z ∨ y = z))
```

మూలమే లేని x² + 1 = 0 దగ్గర ‘అయితే’ ముందున్న భాగం ఎప్పుడూ అబద్ధమే కాబట్టి మొత్తం వాక్యం నిజం. ఇదే ఈ సూత్రానికి అసలైన పరీక్ష. దీనికి బదులు ∃x∃y(Rx ∧ Ry ∧ ∀z(Rz → (z = x ∨ z = y))) అని రాస్తే ఆ సమీకరణం దగ్గరే దెబ్బతింటుంది. అది చెప్పేది “ఒకటి లేదా రెండు” అని, సున్నాను ఒప్పుకోదు.

సమానం గుర్తు లేకుండా ఈ పని అసలు కుదరదు. ఒక వస్తువు పక్కన, అన్ని ధర్మాలూ సంబంధాలూ అచ్చంగా దానివే అయిన మరో వస్తువును చేర్చామనుకోండి. = లేని ఏ వాక్యమూ ఆ తేడాను పట్టుకోలేదు. ఒకటి రెండైనా దానికి తెలియదు.

సంఖ్య పెరిగేకొద్దీ వాక్యం పొడవు పెరుగుతుంది. గరిష్ఠంగా రెండుకు 3 చలరాశులు, 3 జతలు చాలు. ఇదే పద్ధతిలో గరిష్ఠంగా పదికి 11 చలరాశులు, 55 జతలు రాయాలి.