మందు కొట్టిన పొలంలోనే సుడిదోమ ఎందుకు?

1986 నవంబరు 5న ఇండొనేసియా అధ్యక్షుడు సుహార్తో ఒక ఆదేశం జారీ చేశారు. వరి మీద 57 పురుగుమందుల వాడకాన్ని ఆ ఆదేశం నిషేధించింది. అప్పటికి జావా దీవిలో వరిచేలను సుడిదోమ మాడ్చేస్తోంది. పురుగు పొలాల మీద పడి ఉన్న వేళ పురుగుమందులు ఆపించడం చూసినవాళ్లకు వింతగానే తోచి ఉంటుంది. కానీ మందు తగ్గితే దోమ కూడా తగ్గుతుందని శాస్త్రవేత్తలు పొలాల్లో లెక్కకట్టి చూపించాకే ఆ నిర్ణయం జరిగింది.

అంతకు పదేళ్ల ముందే ఇండొనేసియా ఈ పురుగు చేతిలో గట్టి దెబ్బ తింది. కొత్త పొట్టి వంగడాలు వచ్చాయి, వాటితో పాటు యూరియా వచ్చింది, పురుగుమందులూ వచ్చాయి. మందుల ధరలో దాదాపు 80 శాతం వరకు ప్రభుత్వమే రాయితీగా భరించేది. 1970ల మధ్యకల్లా, అంతకు ముందు ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక చిన్న పురుగు దేశపు అన్నం మీదికే వచ్చింది. దోమను తట్టుకుంటుందని 1973లో విడుదలైన ఐఆర్ 26 వంగడం కూడా రెండు మూడేళ్లలోనే లొంగిపోయింది.

ఈ పురుగును అర్థం చేసుకోవాలంటే ముందు అది ఎక్కడ ఉంటుందో చూడాలి. సుడిదోమ ఆకుల మీద కనిపించదు. నీటిమట్టానికి కాస్త పైన, దుబ్బు మొదలు చుట్టూ చేరి రసం పీలుస్తుంది. గోధుమరంగులో, మూడు నాలుగు మిల్లీమీటర్ల పొడవుంటుంది. గట్టు మీద నిలబడి చూసేవారికి పైరు పచ్చగా, నిండుగా ఉన్నట్టే ఉంటుంది. ఒకరోజు పొలం మధ్యలో గుండ్రంగా పసుపు మచ్చ కనిపిస్తుంది. వారం తిరక్కుండా అది ఎండి, చుట్టూ పాకి, దుబ్బులు పడిపోతాయి. అప్పటికి నష్టం జరిగిపోయినట్టే.

ఆడదోమ గుడ్లను ఆకు పైన పెట్టదు. ఆకు తొడుగును చీల్చి, లోపలి కణజాలంలో గుంపులుగా దాస్తుంది. వారం, తొమ్మిది రోజుల్లో గుడ్లు పగులుతాయి. పిల్లలు రెండు వారాల్లో పెద్దవవుతాయి. అంటే సుమారు 25 రోజులకు ఒక తరం. నాట్ల నుంచి కోతల దాకా మూడు తరాలు గడిచిపోతాయి. ఆహారం దండిగా ఉన్నప్పుడు రెక్కలు పొట్టిగా ఉండే ఆడదోమలు ఎక్కువగా పుడతాయి. అవి ఎగిరిపోవు. రెక్కల మీద పెట్టాల్సిన శక్తిని గుడ్ల మీద పెడతాయి.

ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఒక ఆడదోమ 200 గుడ్లు పెట్టిందనీ, వాటిలో సగం ఆడవనీ అనుకుందాం. ఆ వంద ఆడపిల్లల్లో 99 చచ్చి ఒకటి మిగిలితే దోమల సంఖ్య పెరగదు, తరగదు. వందకు 99 చావడం అసాధ్యంలా వినిపిస్తుంది గానీ, మందు తగలని పొలంలో దాదాపు జరిగేది అదే. ఇప్పుడు చావులు 99 నుంచి 95కు తగ్గాయనుకోండి. తగ్గింది నాలుగే. అయినా ఒక ఆడదోమకు బదులు ఐదు మిగిలాయి. తర్వాతి తరానికి 25, ఆ పై తరానికి 125. ఒక్క పంటకాలంలోనే సంఖ్య వంద రెట్లు దాటింది. సుడిదోమ ఉధృతి వెనుక ఉన్నది ఈ నాలుగు చావుల తేడాయే.

ఆ 99 చావులకు కారణమయ్యేవి పొలంలోనే ఉంటాయి. తోడేలు సాలీడు గూడు అల్లదు, దుబ్బుల మొదళ్లలో తిరుగుతూ వేటాడుతుంది. రోజుకు 5 నుంచి 15 దోమల దాకా తింటుంది. మిరిడ్ నల్లి అనే పచ్చని చిన్న పురుగు ఆకు తొడుగులో దాగిన గుడ్లను వెతికి, ముక్కు గుచ్చి పీల్చేస్తుంది. రోజుకు 7 నుంచి 10 గుడ్లు దాని వాటా. నీటి మీద పరుగెత్తే నీటినల్లులు జారిపడిన పిల్లదోమలను పట్టుకుంటాయి. కంటికి ఆననంత చిన్న కందిరీగలు దోమ గుడ్లలోనే తమ గుడ్లు పెడతాయి.

ఈ పొలం మీద పురుగుమందు పడితే ఏమవుతుంది? బయట ఉన్న దోమలు చాలావరకు చస్తాయి. సాలీళ్లు, నల్లులు, కందిరీగలూ చస్తాయి. ఆకు తొడుగు లోపల ఉన్న దోమగుడ్లకు మాత్రం మందు సరిగా తగలదు. మూడు నాలుగు రోజులు పొలం శుభ్రంగా కనిపిస్తుంది, మందు పనిచేసిందని రైతు ఊరట పడతాడు. తొమ్మిదో రోజుకు గుడ్లు పగిలి పిల్లలు బయటికొస్తాయి. వాటిని తినేవి లేవు. దోమ 25 రోజుల్లో ఒక తరాన్ని నింపేస్తుంది. సాలీడుకు నెలలు కావాలి. మళ్లీ మందు కొడితే ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

1970ల చివర్లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పీటర్ కెన్‌మోర్ అనే అమెరికా పరిశోధకుడు ఈ సంగతిని రైతుల పొలాల్లోనే పరీక్షించి చూశారు. మందు కొట్టిన మళ్లలో దోమ విపరీతంగా పెరిగింది, కొట్టని మళ్లలో అదుపులో ఉంది. మందేమీ లేకుండా, శత్రుపురుగులు లోపలికి రాకుండా వలపంజరం కట్టినా దోమ పెరిగింది. అంటే దోమను పట్టి ఉంచుతున్నది ఆ శత్రువులేనని తేలిపోయింది.

అదే సంస్థలో ఎస్. చెల్లయ్య, ఇ.ఎ. హైన్‌రిక్స్ మరో సంగతి కనిపెట్టారు. డెల్టామెత్రిన్, మిథైల్ పారథియాన్ వంటి మందులు చావని మోతాదులో తగిలినప్పుడు ఆడదోమలు ఎక్కువ గుడ్లు పెట్టాయి. మందు పడిన మొక్కల మీద ఎక్కువ రసం తాగాయి. శత్రువులు చావడం ఒక్కటే కాదు, కొన్ని మందులు దోమకే నేరుగా బలమిస్తున్నాయన్నమాట.

ఇక నత్రజని సంగతి. దోమ తాగే రసంలో చక్కెరలు పుష్కలం, మాంసకృత్తులకు మూలమైన ఎమైనో ఆమ్లాలు బహు తక్కువ. గుడ్లు తయారు కావాలంటే కావాల్సింది ఆ రెండోవే. అందుకే దోమ పెద్దమొత్తంలో రసం తాగి, అక్కర్లేని చక్కెర నీటిని జిగురుగా విసర్జిస్తుంది. ఆ జిగురు మీద నల్లని బూజు పెరుగుతుంది. మొదళ్లు నల్లబడటం దోమ చేరిందనడానికి ఒక గుర్తు. యూరియా ఎక్కువ పడిన పైరులో ఈ పరిస్థితి తిరగబడుతుంది. మొక్క తాను వాడుకోగలిగిన దానికంటే ఎక్కువ నత్రజని పీల్చి, దాన్ని ఎమైనో ఆమ్లాలుగా రసంలో నింపుకుంటుంది. పిల్లదోమలు ఎక్కువ బతుకుతాయి, త్వరగా ఎదుగుతాయి, ఆడవి ఎక్కువ గుడ్లు పెడతాయి. పైన వేసిన లెక్కలో 200 గుడ్లు 300 అయితే, చావుల శాతం మారకపోయినా సంఖ్య పెరగడం మొదలవుతుంది.

ఇంతటితో అయిపోలేదు. నత్రజని ఎక్కువైన మొక్క మెత్తబడుతుంది, కణాల గోడల్లో సిలికా తగ్గుతుంది, సూది గుచ్చడం దోమకు సులువవుతుంది. పిలకలు, ఆకులు దట్టంగా కమ్ముకుని మొదళ్ల దగ్గర ఎండ పడదు, గాలి ఆడదు. నీడ, తేమ దోమకు ఇష్టం. పైగా ఆ దట్టమైన ఆకుల మీద కొట్టిన మందు మొదళ్ల దాకా దిగదు. దోమకు తగలాల్సిన మోతాదు తగలదు, పైన తిరిగే మేలుచేసే పురుగులకు మాత్రం నిండుగా తగులుతుంది. నత్రజని పుట్టుకలను పెంచుతుంది, మందు చావులను తగ్గిస్తుంది. శత్రువులు నిండుగా ఉన్న పొలంలో కాస్త ఎక్కువ యూరియా పడినా చాలాసార్లు గండం గడుస్తుంది. రెండూ కలిసిన పొలంలోనే సుడులు లేస్తాయి.

జావా పొలాల్లో తర్వాత జరిగిన పరిశోధన ఒకటి ఈ కథకు ఇంకో పొర చేర్చింది. నాట్లు వేసిన కొత్తలో దోమ ఇంకా రాదు. అయినా సాలీళ్లు అప్పటికే పొలంలో ఉంటాయి. అవి ఏం తిని బతుకుతున్నాయని విలియం సెటిల్ బృందం వెతికింది. దమ్ములో కుళ్లే గడ్డీ గాదంతో, నీటిలోని నాచుతో బతికే చిన్న చిన్న ఈగలు, పురుగులే వాటి ఆహారమని 1996లో ప్రచురించింది. పైరుకు ఏ హానీ చేయని ఆ ప్రాణులే తొలి నెలలో సాలీళ్లను పోషిస్తాయి, దోమ వచ్చేసరికి కాపలా సిద్ధంగా ఉంటుంది. తొలి రోజుల్లో కొట్టే మందు ఈ కాపలాను మొదట్లోనే తుడిచేస్తుంది.

ఈ సంగతి తెలుగు రైతు ప్రత్యేకంగా గమనించదగ్గది. మన దగ్గర ఖరీఫ్‌లో నాటిన నెల లోపే ఆకుముడత కనిపిస్తుంది. ఆకుల మీద తెల్లచారలు చూసి మనసు ఆగదు, చవగ్గా దొరికే సైపర్‌మెత్రిన్ లాంటి సింథటిక్ పైరిత్రాయిడ్ కొట్టేస్తారు. నిజానికి పిలక దశలో వరి అంతమాత్రం ఆకు నష్టాన్ని కొత్త ఆకులతో పూడ్చుకోగలదు. అదే సమయంలో పైరు పచ్చబడాలని మరో యూరియా బస్తా చల్లుతారు. ఇక అక్టోబరు వచ్చేసరికి దుబ్బుల్లో దోమ. ఆకుముడత మందుకూ ఈ దోమకూ ఉన్న సంబంధం కంటికి కనిపించదు, మధ్యలో నెలన్నర గడిచిపోయింది కదా. సాంబ మసూరి లాంటి రకమైతే దోమకు మరీ సులువుగా లొంగుతుంది. విజేత, కాటన్‌దొర సన్నాలు కొంత తట్టుకుంటాయి.

45 కిలోల యూరియా బస్తాలో సుమారు 21 కిలోల నత్రజని ఉంటుంది. ఎకరాకు రెండు బస్తాలంటేనే 40 కిలోలు దాటింది. చాలా రకాలకు అది దాదాపు సరిపోయే మోతాదు. దాన్ని దమ్ములో, పిలక దశలో, అంకురం దశలో మూడు దఫాలుగా పంచితే రసంలో ఒక్కసారిగా నత్రజని నిండదు. నాటేటప్పుడే ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది మొదళ్లకు గాలి, వెలుతురు చేరడానికే. అవసరమై మందు కొట్టాల్సి వచ్చినా ఆ బాటలోంచే నాజిల్ మొదళ్లకు చేరుతుంది.

ఆ అవసరం ఎప్పుడన్నది గట్టు మీది నుంచి తేలదు. పొలంలోకి దిగి, అక్కడక్కడా దుబ్బులు పట్టుకుని వంచి తట్టాలి. నీళ్ల మీద పడ్డ దోమలను లెక్కపెట్టాలి. పిలక దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిక దశ దాటాక 20 నుంచి 25 ఉంటే మందు గురించి ఆలోచించాలి. సాలీళ్లు, మిరిడ్ నల్లులు బాగా కనిపిస్తుంటే పొలంలో నీళ్లు తీసేసి రెండు మూడు రోజులు ఆగి మళ్లీ చూడవచ్చు. కొట్టక తప్పకపోతే దోమకే పరిమితమైన మందు ఎంచుకోవాలి, పైరిత్రాయిడ్ల జోలికి పోకూడదు.

ఇండొనేసియాలో నిషేధం తర్వాత పురుగుమందుల వాడకం సగానికి పైగా పడిపోయింది. 1989 నాటికి రాయితీలు పూర్తిగా ఎత్తేశారు. వరి దిగుబడి తగ్గలేదు. రైతులు వారానికోసారి పొలంలోనే కలుసుకుని, దుబ్బులు పరిశీలించి, ఏ పురుగు దేన్ని తింటోందో బొమ్మలు గీసుకునే పొలంబడులు అక్కడ మొదలైంది కూడా ఆ ఏడే. అయితే ఆ క్రమశిక్షణ నిలవలేదు. 2000ల్లో మందుల అమ్మకాలు మళ్లీ పెరిగాయి, ఇమిడాక్లోప్రిడ్‌ను దోమ తట్టుకోవడం ఆసియా దేశాల్లో బయటపడింది. 2010, 2011 సంవత్సరాల్లో సుడిదోమ జావా పొలాల మీద మళ్లీ విరుచుకుపడింది, థాయిలాండ్ మధ్య మైదానాల్లోనూ అదే జరిగింది.