నెలనెలా పిండివంటల పెట్టె: లాభం నాలుగో పెట్టెలో ఉంది

పిండివంటలు చేసి అమ్మేవాళ్లకు ఎప్పుడూ ఒకటే సందేహం: ఈ రోజు ఎన్ని కిలోలు వేయించాలి? ఎక్కువ వేయిస్తే మిగిలి మెత్తబడతాయి, తక్కువ వేయిస్తే వచ్చినవాళ్లు పక్క దుకాణానికి వెళ్లిపోతారు. నెలవారీ చందా పెట్టెలో ఈ సందేహం ఉండదు. పొయ్యి మీద బాండీ పెట్టకముందే ఎన్ని పెట్టెలు పంపాలో తెలుస్తుంది, వాటి డబ్బు కూడా ముందే చేతికొస్తుంది. ఈ సౌకర్యం చూసే చాలామంది ఇందులోకి దిగుతారు. అయితే చందాదారు ఎన్ని నెలలు ఉంటాడన్న దాని మీదే ఈ వ్యాపారం నిలబడుతుంది. ఆ లెక్క వేసుకోకుండా ధర పెట్టినవాళ్లు, చందాలు పెరుగుతున్నా చేతిలో డబ్బు ఎందుకు మిగలట్లేదో తెలియక తికమకపడతారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రాజమండ్రిలో ఒక ఇంట్లో ఏళ్లుగా పిండివంటలు చేసి అమ్ముతున్నారు. హైదరాబాద్‌, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లకు నెలకో పెట్టె పంపాలనుకున్నారు. పెట్టెలో 200 గ్రాముల పప్పు చెక్కలు, 250 గ్రాముల సున్నుండలు, 200 గ్రాముల కజ్జికాయలు, 150 గ్రాముల కరివేపాకు కారం, మొత్తం 800 గ్రాములు. కొరియర్‌ ఖర్చు కలుపుకుని ధర 699 రూపాయలు పెట్టారు. ఇక్కడ వేసే ఖర్చులన్నీ ఉదాహరణకు అనుకున్నవే. ఎవరి లెక్కలు వాళ్లు తమ ఊరి ధరలతో వేసుకోవాలి.

ఈ 699లో మొదట పోయేది పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్యాకెట్‌ కట్టిన కారపు తినుబండారాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, మిఠాయిలకూ 5 శాతమే. ధరలో కలిసి ఉన్న ఆ పన్ను సుమారు 33 రూపాయలు. చిన్న వ్యాపారం కాబట్టి జీఎస్టీ అక్కర్లేదనుకుంటే పొరపాటు. పన్ను వర్తించే సరుకును సొంతంగా మరో రాష్ట్రానికి అమ్మేవాళ్లు అమ్మకాలు ఎంత తక్కువున్నా నమోదు చేసుకోవాల్సిందే. రాష్ట్రం విడిపోయాక రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కు పంపినా అది వేరే రాష్ట్రమే. ఈ సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల సంఖ్య కూడా ప్యాకెట్‌ మీద ఉండాలి.

ఆన్‌లైన్‌ చెల్లింపుల కంపెనీకి 17 రూపాయలు, వంటకు సరుకులు, గ్యాసు, కూలి కలిపి 290, కవర్లు, అట్టపెట్టె, లేబుళ్లకు 60, కొరియర్‌కు 110 అనుకుందాం. దారిలో నలిగిపోయినవాటికి బదులు పంపడం కోసం పెట్టెకు 15 రూపాయలు పక్కన పెట్టాలి. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 174 రూపాయలు.

ఈ 174ను కాపాడేదీ పోగొట్టేదీ అట్టపెట్టె కొలతే. కొరియర్‌వాళ్లు బరువు ఒక్కటే చూడరు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5000తో భాగిస్తారు. అలా వచ్చిన సంఖ్య అసలు బరువు కంటే ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు. చెక్కలు, జంతికలు తేలిక, కానీ చోటు చాలా తింటాయి. 30, 22, 12 సెంటీమీటర్ల పెట్టెకు ఈ లెక్క 1.58 కిలోలు వస్తుంది, రెండు కిలోల రేటు పడుతుంది. అదే సరుకును 30, 20, 8 కొలతల పెట్టెలో సర్దితే 0.96 వస్తుంది, కిలో రేటుతో పోతుంది. రెండు రేట్ల మధ్య తేడా 60 రూపాయలున్నా, మనకు మిగిలేదాంట్లో మూడో వంతు పైగా పెట్టెలోని ఖాళీ గాలికే పోయినట్టు. బ్రిటన్‌లో 2008లో మొదలైన గ్రేజ్‌ అనే చిరుతిళ్ల సంస్థ తన పెట్టెను తలుపుకుండే ఉత్తరాల సందులోంచి దూరేంత పలచగా చేయించింది. మనకు అలాంటి సందులు లేవు కానీ పాఠం ఒకటే. ముందు పెట్టె కొలత ఖాయం చేసుకోవాలి, అందులో ఏయే వంటలు పడతాయో తర్వాత చూడాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

ఇప్పుడు అసలు లెక్క. కొత్త చందాదారు ఊరికే రాడు. మొదటి పెట్టె మీద 200 తగ్గింపు, ప్రకటనలకు తలా 350 అనుకుంటే, ఒక మనిషిని తెచ్చుకోవడానికి 550 అవుతుంది. పెట్టెకు 174 మిగిలే చోట మూడు పెట్టెలు పంపినా ఆ 550 తిరిగి రాదు. నాలుగో పెట్టె నుంచే అతను మనకు లాభం. కొరియర్‌లో 60 పోగొట్టుకునేవాళ్లకైతే ఐదో పెట్టె.

నాలుగో పెట్టె దాకా ఎంతమంది ఉంటారు? ప్రతి నెలా మానేసేవాళ్ల శాతాన్ని వ్యాపారంలో చర్న్‌ అంటారు. అందరినీ కలిపి ఒకే శాతంగా చూస్తే అది మోసం చేస్తుంది. నెలకు 60 మంది కొత్తగా చేరి 50 మంది మానేస్తున్నా మొత్తం పెరుగుతూనే కనిపిస్తుంది. అందుకే ఏ నెలలో చేరినవాళ్లను ఆ నెల జట్టుగా విడిగా రాసుకోవాలి. ఒక నోటు పుస్తకం చాలు. జనవరిలో 100 మంది చేరారు. ఫిబ్రవరిలో 74, మార్చిలో 62, ఏప్రిల్‌లో 56, మేలో 52, జూన్‌లో 50 మంది ఉన్నారనుకుందాం. ఆరు నెలల్లో 394 పెట్టెలు, పెట్టెకు 174 చొప్పున 68,556 రూపాయలు. వాళ్లను తేవడానికి పెట్టిన 55,000 తీసేస్తే మిగిలింది 13,556. అదే జట్టు రెండో నెలకే 60కి పడిపోయి, తర్వాత 48, 42, 38, 36గా దిగితే 324 పెట్టెలే వెళ్తాయి, చివరికి మిగిలేది 1,376. రెండు జట్లకూ తేడా ఎక్కువగా మొదటి పెట్టెకూ రెండో పెట్టెకూ మధ్యే వచ్చింది. గది అద్దె, సీలింగ్‌ యంత్రం, ఫోన్లు ఎత్తే మనిషి జీతం ఇంకా ఇందులోంచే రావాలి.

ప్రకటనలతో కొనుక్కున్న చందాదారులతోనే ఈ వ్యాపారం నడపడం కష్టమన్నది నా అభిప్రాయం. ఉన్నవాళ్లు తమ స్నేహితులను చేరిస్తే వాళ్ల పెట్టెలో 100 రూపాయల సున్నుండలు అదనంగా పెట్టండి. కొత్తవాళ్లకు తగ్గింపు ఇవ్వకండి. అలా వచ్చిన 100 మంది మొదటి జట్టులాగే ఉన్నా, మిగిలేది 13,556 కాదు, 58,556.

ఇక మానేసేవాళ్లు ఎందుకు మానేస్తారు? రుచి బాగోలేకపోవడమే కారణమని వంట చేసేవాళ్లు బాధపడతారు. నాకు తెలిసినంతలో అంతకంటే పెద్ద కారణం డబ్బా ఖాళీ కాకపోవడం. ఇద్దరే ఉండే ఇంట్లో నెల తిరిగేసరికి సగం చెక్కలు మిగిలే ఉంటాయి. ఇంతలో ఇంకో పెట్టె వస్తుంది. మూడోది వచ్చే వేళకు చందా ఒక బరువవుతుంది. అందుకే మానేసినవాళ్లకు ఫోన్‌ చేసి ‘ఎందుకు మానేశారండీ?’ అని అడిగితే ‘వీలుపడలేదండీ’ అంటారు. ‘డబ్బాలో ఇంకా ఎంత మిగిలిందండీ?’ అని అడిగితే నిజం తెలుస్తుంది. ఇలాంటివాళ్లకు తగ్గింపు ఇచ్చి లాభం లేదు. ‘ఈ నెల వద్దు’ అని సులువుగా చెప్పే వీలు కావాలి, రెండు నెలలకోసారి పంపే చందా కావాలి. ఒక నెల ఆపినవాడు తిరిగి వస్తాడు. పూర్తిగా మానేసినవాడిని మళ్లీ తేవాలంటే మరో 550 పెట్టాలి.

ఇందులో మన క్యాలెండర్‌ కూడా ఉంది. సంక్రాంతికి ఊరెళ్లినవాళ్లు తిరుగు ప్రయాణంలో అమ్మ కట్టిన అరిసెలు, జంతికలు సంచుల నిండా తెచ్చుకుంటారు. జనవరి చివర్లో మళ్లీ అవే పంపితే ఎవరికి కావాలి? ఆ నెల పొడులు, వడియాలు పంపడం నయం. ఏప్రిల్‌, మే ఎండలకు దారిలో నెయ్యి కరిగి సున్నుండలు ముద్దవుతాయి. ఆ రెండు నెలలూ వాటి బదులు వేరేవి చూసుకోవాలి.

మానేయాలన్న ఉద్దేశం లేకుండానే జారిపోయేవాళ్లు కూడా ఉంటారు. యూపీఐ ఆటోపే 2020లో వచ్చింది. ఖాతాలోంచి నెలనెలా డబ్బు దానంతటదే వస్తుంది కానీ, తీసుకునే 24 గంటల ముందు చందాదారుకు సందేశం వెళ్లాలన్నది రిజర్వ్‌ బ్యాంక్‌ నిబంధన. ఆ సందేశంలో ప్రధానంగా కనిపించేది మన పేరు, 699. అది చూసి కొందరు అప్పటికప్పుడే రద్దు చేస్తారు. దానికి రెండు రోజుల ముందే ‘ఈ నెల పెట్టెలో ఇవి ఉన్నాయి, వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి’ అని మనమే రాస్తే, రద్దు చేయాలనుకున్నవాళ్లలో కొందరు ఒక నెల ఆపి ఊరుకుంటారు. నెలాఖరున ఖాతా ఖాళీగా ఉంటుంది కాబట్టి డబ్బు తీసుకునే తేదీ జీతాలు పడ్డాక, 3 నుంచి 5 మధ్య పెట్టుకోవాలి.

ఈ తేదీ నుంచే వంటింటి పని మొదలవుతుంది. ఐదున డబ్బు అందాక, ఏడున సంఖ్య ఖరారు చేయాలి. ఆ తర్వాత చేరినవాళ్లకు వచ్చే నెలే. ఎనిమిదిన సరుకులు తెచ్చి, ముందు కరివేపాకు కారం, ఆ తర్వాత సున్నుండలు, కజ్జికాయలు, అన్నిటికన్నా చివర చెక్కలు చేయాలి. వేయించినవి పూర్తిగా చల్లారకుండా కవర్లో సీలు చేస్తే లోపల ఆవిరి పట్టి నాలుగు రోజుల్లో మెత్తబడతాయి. వానాకాలంలో మరీ. సంఖ్య ముందే తెలుసు కాబట్టి విరిగేవాటి కోసం కాస్త ఎక్కువ చేస్తే చాలు. వారం మొదట్లో, సోమ మంగళవారాల్లో పంపితే ఆదివారమంతా గోడౌన్‌లో పడి ఉండే బాధ తప్పుతుంది. ప్రతి వాయిలోంచి ఒక ప్యాకెట్‌ ఇంట్లోనే ఉంచి, మూడు వారాల తర్వాత విప్పి చూడాలి. నూనె కంపు కొడితే నూనెదో, సీలుదో, ఎక్కడో తప్పుంది. అది చందాదారు చెప్పకముందే మనకు తెలియాలి.

చివరికి ఎన్ని చందాలు తీసుకోవచ్చో చెప్పేది బాండీయే. 200 పెట్టెలంటే 40 కిలోల చెక్కలు. ఒక మనిషి ఒక పొయ్యి మీద గంటకు మూడు కిలోలు వేయిస్తుందనుకుంటే అది 13 గంటల పైగా పని, అంటే నిండా రెండు రోజులు. కొబ్బరి కోరడం, పాకం పట్టడం, కజ్జికాయలు ఒత్తడం దీనికి అదనం. గడియారం పెట్టుకుని ఒకసారి కొలిచి చూడండి. మీ వంటింటి సంఖ్య 200 అని తేలితే, 201వ మనిషి ఫోన్‌ చేసినప్పుడు ‘ఈ నెల నిండిపోయిందండీ, మీ పేరు రాసుకుంటాను, వచ్చే నెల నుంచి పంపుతాను’ అని చెప్పి నిజంగానే రాసుకోండి.