38 మందిని తీసేశాక

పరిశోధన పత్రం జర్నల్‌కు వెళ్లాక రివ్యూయర్లు తరచూ అడిగే మార్పుల్లో ఒకటి, ఫలానా వాళ్లను లెక్కలోంచి తీసేయమనడం. రాసినవాళ్లకు అది పూట పనిలా కనిపిస్తుంది. డేటాలో కొన్ని వరుసలు తీసేసి, పట్టికలు మళ్లీ వేసి పంపేస్తారు. పట్టికలు సరిగానే వస్తాయి. తప్పులు మిగిలేది వాటి బయట, ఎప్పుడో చేత్తో టైపు చేసిన అంకెల్లో.

గర్భిణుల్లో రక్తహీనతపై ఒక అధ్యయనం ఉందనుకుందాం. ఇక్కడి లెక్కలన్నీ ఉదాహరణ కోసం వేసుకున్నవే. మొత్తం 400 మంది. వారిలో 212 మందికి హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కన్నా తక్కువ ఉంది, అంటే 53 శాతం. ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నవారి కొలతను నమ్మలేం, వారిని తీసేయండి అన్నాడు రివ్యూయర్. అలాంటివారు 38 మంది తేలారు. రక్తం ఎక్కించే దాకా వచ్చినవారు కాబట్టి వారిలో 33 మందికి రక్తహీనత ఉండనే ఉంది. ఇక మిగిలింది 362 మంది, రక్తహీనత ఉన్నవారు 179, శాతం 49.4.

లవం, హారం రెండూ మారాయి. ఒకటి మార్చి రెండోది మరిచిపోతే? పాత 212ను కొత్త 362తో భాగిస్తే 58.6 వస్తుంది. కొత్త 179ని పాత 400తో భాగిస్తే 44.8 వస్తుంది. రెండూ నమ్మేలాగే ఉంటాయి, అదే ప్రమాదం. ఇంకా జారిపోయేవి అంకెల్లేని మాటలు. సారాంశంలో ‘సగానికి పైగా గర్భిణులకు రక్తహీనత’ అని రాసి ఉంటే, 49.4 దగ్గర ఆ వాక్యం అబద్ధమవుతుంది. పాత 400 కోసం ఫైలంతా వెతికినా ఆ వాక్యం దొరకదు. అందుకే వెతికేటప్పుడు 400, 212, 53తో పాటు ‘సగం’, ‘ఎక్కువమంది’, ‘ప్రతి ఇద్దరిలో’ లాంటి మాటలనూ వెతకాలి. పట్టికల కింది గమనికలు, బొమ్మల శీర్షికలు, అనుబంధాలు, రివ్యూయర్‌కు రాసే జవాబు, అన్నీ చూడాలి. 1999లో రాయ్ పిట్కిన్ బృందం ఆరు వైద్య పత్రికల్లోని వ్యాసాలను పరిశీలించింది. సారాంశంలోని అంకెలు లోపలి అంకెలతో పొసగకపోవడమో, అసలు లోపల లేకపోవడమో పత్రికను బట్టి 18 నుంచి 68 శాతం వ్యాసాల్లో కనబడింది.

ప్రతి శాతానికీ హారం 362 కావాలనీ లేదు. ఐరన్ మాత్రల ప్రశ్నకు 20 మంది జవాబివ్వలేదనుకోండి. రోజూ వేసుకుంటున్నామన్నవారు 198 మంది. జవాబిచ్చిన 342 మందిలో అది 57.9 శాతం, మొత్తం 362లో 54.7 శాతం. ఏదైనా వాడొచ్చు. కానీ పట్టికలో ఒకటి, చర్చలో మరొకటి వాడకూడదు. 198/342 అని పక్కనే రాసేస్తే పాఠకుడికి అనుమానమే రాదు. 2007లో వచ్చిన స్ట్రోబ్ మార్గదర్శకాలు కూడా ఒక్కో దశలో ఎంతమంది మిగిలారో, ఏ అంశంలో ఎంతమంది వివరాలు లేవో చెప్పమంటాయి.

యూనిట్ల చిక్కు వడపోతతోనే మొదలవుతుంది. ఒక కేంద్రం హిమోగ్లోబిన్‌ను డెసిలీటరుకు 10.8 గ్రాములు అని రాస్తుంది, ఇంకో కేంద్రం లీటరుకు 108 అని రాస్తుంది. రెండూ ఒకటే. ‘20 దాటినవి పొరపాటు కొలతలు, తీసేద్దాం’ అని ముందే జల్లెడ పడితే రెండో కేంద్రం మొత్తం ఎగిరిపోతుంది. తీసేసినవారంతా ఒకే చోటివారైతే అనుమానించాల్సింది ఇదే. యూనిట్లు ఒకటి చేశాకే వడపోయాలి.

జర్నల్ లీటర్లలో ఇమ్మంటే సగటును పదితో గుణించి ఊరుకుంటే చాలదు. డెసిలీటరుకు ఒక గ్రాము పెరిగితే బిడ్డ బరువు 60 గ్రాములు పెరిగిందని రాసి ఉంటే, లీటరుకు ఒక గ్రాము లెక్కన అది 6 గ్రాములే. గ్రాఫు అక్షం, ‘11 లోపు’ అనే గీటు కూడా మారాలి.

చివర్లో చేయదగిన పరీక్ష ఒకటుంది. శాతాన్ని హారంతో గుణించి చూడాలి, మనుషుల లెక్క పూర్ణాంకానికి దగ్గరగా రావాలి. టీనేజీ గర్భిణులు 41 నుంచి 37కి తగ్గారనుకోండి. 41.5 శాతం అని ఇంకా ఉంటే అది పాతదే: 37లో 15 మందైతే 40.5, 16 మందైతే 43.2, మధ్యలో ఏదీ లేదు. అయితే గుంపు పెద్దదైతే ఈ జల్లెడ కళ్లు వెడల్పవుతాయి. పాత 53.0నే 362 దగ్గర పెట్టి చూడండి: 192 మందికి సరిగ్గా సరిపోతుంది, దొరకదు. అక్కడ కొత్త డేటాలోంచి తలలు లెక్కపెట్టడం తప్ప దారి లేదు.