హవిల్దార్ దరఖాస్తు మెయిల్

పదిహేడేళ్లు సైన్యంలో చేసి పెన్షన్‌తో ఊరికొచ్చిన ఒక హవిల్దార్ మందుల ఫ్యాక్టరీలో సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఉద్యోగానికి మెయిల్ పెడుతున్నాడనుకుందాం. ఇలాంటి మెయిళ్లు చాలావరకు ‘దేశానికి సేవ చేశాను, క్రమశిక్షణ గలవాణ్ని’ అంటూ మొదలవుతాయి. అందులో అబద్ధమేమీ లేదు. కానీ దరఖాస్తు చేసిన ప్రతి మాజీ సైనికుడూ అదే రాస్తాడు. హెచ్‌ఆర్ మేనేజర్ వెతికేది మరొకటి: ఇతను రాత్రి షిఫ్టును నడపగలడా, స్టోర్ లెక్క చూడగలడా, గేటు దగ్గర గొడవైతే ఏం చేస్తాడు?

మన హవిల్దార్ చివరి మూడేళ్లూ కోత్ ఎన్‌సీఓ. కోత్ అంటే ఆయుధాల గది. ఆ హోదా పేరొక్కటే రాస్తే ఫ్యాక్టరీలో ఎవరికీ తలకెక్కదు. అదే పనిని ‘తాళాలు నా బాధ్యతలో ఉండేవి. ఇచ్చిన ప్రతి వస్తువుకూ సంతకం తీసుకుని, సాయంత్రానికి లెక్క సరిచూసి రిజిస్టర్ మూసేవాణ్ని’ అని రాస్తే స్టోర్ మేనేజర్‌కు వెంటనే అర్థమవుతుంది. గార్డ్ కమాండర్‌గా చేసినదీ అంతే: ‘పన్నెండు మందికి డ్యూటీలు వేసేవాణ్ని, రాత్రి రెండుసార్లు పోస్టులు తనిఖీ చేసేవాణ్ని’ అంటే చాలు. యూనిట్ ఎక్కడుండేది, ఆయుధాలు ఏవి, ఎన్ని అన్నవి మాత్రం రాయకూడదు. ఉద్యోగానికి వాటితో పని లేదు, బయటపెట్టడం నేరం కూడా కావచ్చు.

సబ్జెక్ట్ లైన్‌లో ‘నమస్తే’, ‘ఉద్యోగం కోసం’ లాంటివి వద్దు. ‘సెక్యూరిటీ సూపర్‌వైజర్ దరఖాస్తు, మాజీ హవిల్దార్, 17 ఏళ్లు, జూలై 1 నుంచి చేరగలను’ అని ఉంటే మెయిల్ తెరవకముందే సగం విషయం తెలుస్తుంది. చేరే తేదీ చాలామంది మరిచిపోతారు. గార్డు కావాల్సిన చోటకు అది ముందు కావాలి.

ఫ్యాక్టరీకి కాక ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీకి రాస్తుంటే ఇంకో వాక్యం కలుపుకోవాలి. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం ప్రకారం, సైన్యంలోనో పోలీసుల్లోనో కనీసం 3 ఏళ్లు చేసినవారికి సూపర్‌వైజర్ పోస్టుల్లో ప్రాధాన్యం ఇవ్వాలి. దాన్ని హక్కులా అడగక్కర్లేదు, ‘ఆ అర్హత నాకుంది’ అంటే సరిపోతుంది.

చివర్లో జైహింద్ రాయొచ్చా? ఒక్కసారైతే రాయొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. తప్పయ్యేది జతచేసే కాగితాల్లోనే. డిశ్చార్జ్ బుక్ పేజీలన్నీ, పెన్షన్ ఆర్డర్, ఆధార్ మొదటి మెయిల్‌లోనే పంపేస్తుంటారు. మోసగాళ్లకు ఆ కాగితాలు పనికొస్తాయి, పైగా ఉత్తుత్తి ఉద్యోగ ప్రకటనలూ తిరుగుతుంటాయి. మొదట బయోడేటా ఒక్కటి పీడీఎఫ్‌గా చాలు. మిగతావి ఇంటర్వ్యూకు పిలిచాక చూపించుకోవచ్చు.