ఒక్క అంకె పెరగాలంటే వంద రెట్ల పని

వ్యాసార్థం 1 ఉన్న వృత్తంలో పావు భాగం వైశాల్యం కావాలి. x విలువ 0 నుంచి 1 దాకా జరుగుతుంటే వృత్తం అంచు ఎత్తు √(1−x²). ఈ అంచు కింద ఉన్న వైశాల్యమే సమాకలనం. దాని విలువ π/4, అంటే దాదాపు 0.7854. అడుగు పొడవు 1 కాబట్టి ఇక్కడ వైశాల్యమన్నా, సగటు ఎత్తన్నా ఒకటే. 0కీ 1కీ మధ్య ఏ లెక్కా లేకుండా కొన్ని సంఖ్యలు తీసుకుని, ఒక్కోచోట ఎత్తు కనుక్కుని సగటు చూస్తే చాలు, జవాబు దరిదాపుల్లోకి వచ్చేస్తాం.

ఇదే మాంటీ కార్లో పద్ధతి. 1946లో స్టానిస్లావ్ ఉలామ్ ఒంటరిగా ఆడే పేకాటలో గెలుపు అవకాశం ఎంతో తేల్చాలనుకుని ఈ ఆలోచనకు వచ్చాడు.

మరి ఎంత దగ్గరికి వస్తాం? మన ఎత్తులు సగటు నుంచి అటూ ఇటూ చెదిరే తీరుకు కొలత, అంటే ప్రామాణిక విచలనం, సుమారు 0.22. వంద నమూనాలు తీస్తే సగటులో పొరపాటు 0.022 స్థాయిలో ఉంటుంది. పదివేలు తీస్తే 0.0022. పది లక్షలకు 0.00022. పని వంద రెట్లు పెరిగిన ప్రతిసారీ పొరపాటు పదో వంతుకు మాత్రమే తగ్గుతోంది.

కారణం కూడికలోనే ఉంది. కొన్ని నమూనాలు ఎక్కువ చూపిస్తాయి, కొన్ని తక్కువ. కూడినప్పుడు ఈ తేడాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి గానీ పూర్తిగా కాదు. N నమూనాల్లో మిగిలిపోయే తేడా √N లెక్కన పెరుగుతుంది. సగటు కోసం దాన్ని Nతో భాగిస్తాం కాబట్టి చివరికి పొరపాటు 1/√N లెక్కన తగ్గుతుంది.

ఇది నిజంగా నత్తనడకే. ఇదే పావు వృత్తాన్ని వంద సమానమైన పట్టీలుగా కోసి, ప్రతి పట్టీ నడిమధ్య ఎత్తు తీసుకుంటే పొరపాటు 0.0001 కూడా ఉండదు. పది లక్షల నమూనాలు ఆ వంద పట్టీల ముందు ఓడిపోయాయి! కానీ చలరాశి ఒకటి కాక పది ఉంటే, ఒక్కోదాన్ని వంద పట్టీలు చేసేసరికి లెక్కగట్టాల్సిన బిందువులు 10²⁰ అవుతాయి. మామూలు కంప్యూటరుకు అది అయ్యే పని కాదు. √N సూత్రంలో మాత్రం చలరాశులు ఎన్నన్న ప్రశ్నే లేదు. అందుకే ఈ నెమ్మది పద్ధతి అక్కడ నిలబడింది.

ఒక ప్రమాదం ఉంది. 1/√x ని 0 నుంచి 1 దాకా తీసుకోండి. సమాకలనం సరిగ్గా 2. అయితే విలువల వర్గాల సగటు అనంతం కాబట్టి √N సూత్రం ఇక్కడ పనిచేయదు. నమూనాల నుంచి లెక్కగట్టిన ప్రామాణిక విచలనం ఎంతకీ నిలకడకు రాదు. సున్నాకు బాగా దగ్గరైన x తగిలినప్పుడల్లా ఎగిరిపడుతుంది. అలా కనిపిస్తే నమూనాలు పెంచడం కన్నా వాటిని ఎంచే తీరు మార్చాలి. ఇక్కడ x = u² అని రాసి, u ని యాదృచ్ఛికంగా తీసుకుంటే సున్నా దగ్గర ఎక్కువ బిందువులు పడతాయి, dx కాస్తా 2u du అవుతుంది. u, u కొట్టేసుకుని ప్రతి నమూనా విలువా 2 అవుతుంది. ఒక్క నమూనాతోనే జవాబు వచ్చేస్తుంది.